బండి ఇన్సూరెన్స్ కాగితం అసలుదా, నకిలీదా? తేల్చుకోవడం ఎలా

కాకినాడ అయినా, అమలాపురమైనా, భీమవరమైనా బ్రేక్ ఆఫీసు చుట్టుపక్కల ఒకసారి నడిచి చూడండి. జెరాక్స్ షాపుల ముందు, చెట్ల కింద బల్లలు వేసుకుని "ఇన్సూరెన్స్ చేయబడును" అని బోర్డు పెట్టుకున్నవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో చాలామంది లైసెన్సుతో నిజాయితీగా పని చేసుకునేవాళ్లే. అసలు చిక్కు ఇప్పుడు బల్ల దగ్గర కన్నా ఫోన్‌లోనే ఎక్కువగా ఉంది. పాలసీ గడువు ఇంకో వారం ఉందనగా వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. అందులో మీ బండి నంబరు, గడువు తేదీ అన్నీ సరిగ్గానే ఉంటాయి. "సగం రేటుకే రెన్యువల్, పది నిమిషాల్లో పాలసీ" అంటారు. డబ్బు పంపితే పది నిమిషాల్లో పీడీఎఫ్ వచ్చేస్తుంది కూడా. లోగో, క్యూఆర్ కోడ్, సంతకం, పాలసీ నంబరు, ఏదీ తక్కువ ఉండదు.

ఆ కాగితాన్ని ఎలా తేల్చుకోవాలో ఇక్కడ వరుసగా చెబుతాను. ఆరోగ్య బీమాలోనూ, జీవిత బీమాలోనూ మోసాలున్నాయి గానీ, ఇప్పుడు బండి ఇన్సూరెన్స్ ఒక్కదాని గురించే మాట్లాడుకుందాం. చట్ట ప్రకారం ప్రతి బండికీ అది ఉండాల్సిందే కాబట్టి మోసగాళ్లకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. పైగా చాలామందికి ఆ కాగితం ట్రాఫిక్ పోలీసుకి చూపించడానికే. అందుకే యాక్సిడెంట్ అయ్యేదాకా అది నకిలీదని ఎవరికీ తెలియదు.

ముందు రేటు చూడండి

డబ్బు పంపకముందే సగం మోసాలను ఆపేసే పరీక్ష ఇది. మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం కంపెనీ ఇష్టప్రకారం పెట్టుకునే ధర కాదు. కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి నిర్ణయిస్తుంది, అన్ని కంపెనీలూ అదే వసూలు చేయాలి. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 సీసీ దాటి 150 సీసీ వరకు ఉన్న బైకుకి ఏడాదికి 714 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 843 అవుతుంది. యజమానికి ప్రమాద బీమా కూడా జోడిస్తే ఇంకా పెరుగుతుందే గానీ తగ్గదు. వెయ్యి సీసీ దాటి 1,500 సీసీ వరకు ఉన్న సొంత కారుకి 3,416 రూపాయలు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే నాలుగు చక్రాల సరుకు బండికి 16,049 రూపాయలు. ఈ రెండింటికీ జీఎస్టీ అదనం. రేట్లు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి మీరు కట్టే రోజుకి ఏ రేటు ఉందో ఏదైనా బీమా కంపెనీ సొంత సైటులో మీ బండి నంబరు కొట్టి చూసుకోండి. అక్కడ చూసినంత మాత్రాన కొనాల్సిన పనేం లేదు.

ఎలక్ట్రిక్ బండ్లలాంటి కొన్నింటికి ప్రభుత్వమే కాస్త తగ్గించింది. అవి మినహాయిస్తే థర్డ్ పార్టీలో డిస్కౌంట్ అనే మాటే లేదు. "హోండా బండికి 450కే థర్డ్ పార్టీ" అని ఎవరన్నా అంటే ఇంక కాగితం చూడాల్సిన అవసరం కూడా లేదు, అది నకిలీయే.

డిస్కౌంట్ ఇచ్చే వీలున్నది మీ సొంత బండికి జరిగే నష్టానికి కట్టే భాగంలో మాత్రమే. ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే వచ్చే నో క్లెయిమ్ బోనస్ కూడా ఆ భాగానికే వర్తిస్తుంది. అది మొదటి ఏడాది 20 శాతంతో మొదలై, వరుసగా క్లెయిములు లేకపోతే 50 శాతం దాకా వెళుతుంది. కాబట్టి మనవాళ్లు "ఫుల్ ఇన్సూరెన్స్" అనే పాలసీ ఒక కంపెనీలో ఒక రేటు, ఇంకో కంపెనీలో ఇంకో రేటు ఉండటం మామూలే. కానీ ఆ ఫుల్ ఇన్సూరెన్స్ మొత్తం కలిపినా థర్డ్ పార్టీ రేటు కన్నా తక్కువ వస్తోందంటే లెక్క ఎక్కడో తప్పినట్టే. ఏజెంటు తన కమీషన్‌లోంచి మీకు కొంత వెనక్కి ఇస్తానన్నా అది కూడా చట్టవిరుద్ధమే. బీమా చట్టం 41వ సెక్షన్ దాన్ని నిషేధించింది.

డబ్బు ఎవరి పేరు మీదకు వెళ్తోంది?

క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక, పిన్ కొట్టే ముందు ఫోన్‌లో ఒక పేరు కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూడకుండానే నొక్కేస్తారు. అక్కడ బీమా కంపెనీ పేరో, లైసెన్సున్న బ్రోకర్ సంస్థ పేరో ఉండాలి. ఎవరో ఒక మనిషి పేరు, లేదా ఏదో ఎంటర్‌ప్రైజెస్ పేరు ఉంటే ఆగిపోండి. "సర్వర్ డౌన్ అండి, నా నంబరుకి కొట్టండి, నేను కట్టేస్తాను" అనేది రోజూ వినే మాటే. దానికి మీ జవాబు ఒకటే ఉండాలి: "సర్వర్ వచ్చాక లింకు పంపండి, నేనే కడతాను."

నగదు ఇస్తే తప్పని కాదు. ఊళ్లో తెలిసిన ఏజెంటుకి నగదు ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అయితే ప్రీమియం కంపెనీకి చేరేదాకా పాలసీ అమల్లోకి రాదు. బీమా చట్టంలోని 64 వీబీ సెక్షన్ ప్రకారం ఏజెంటు తీసుకున్న ప్రీమియాన్ని, బ్యాంకు, పోస్టల్ సెలవులు పోగా 24 గంటల్లోపు కంపెనీకి జమ చేయాలి. కాబట్టి "ఎల్లుండి పాలసీ ఇస్తాను" అంటే ఒప్పుకోవచ్చు గానీ, ఈలోగా బండి తీయకండి.

ఏజెంటు అసలువాడో కాదో చూడాలంటే లైసెన్సు నంబరు అడగండి. వ్యక్తిగత ఏజెంట్ల వివరాలు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి agencyportal.irdai.gov.in లో వెతకొచ్చు. బ్రోకర్లు, కంపెనీల జాబితాలు irdai.gov.in లో ఉంటాయి. ఇంకొక మాట. ఐఆర్‌డీఏఐ పాలసీలు అమ్మదు, బోనస్ పంచదు. హైదరాబాద్‌లోని ఆ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం అని ఫోన్ చేసి పాలసీ అమ్మబోతే అక్కడికక్కడే కట్ చేసేయండి.

మన ప్రాంతంలో ఇదంతా అడగడానికి మొహమాటం పెద్ద అడ్డు. ఏజెంటు మన బావో, మేనమామ కొడుకో అయి ఉంటాడు. "ఆయ్, మీరు కంగారు పడకండి, రేపు పేపరు వాట్సాప్‌లో పడేత్తాను" అంటాడు. ఆయన్ని అనుమానించినట్టు కాకుండా చెప్పే పద్ధతి ఒకటుంది. "బావా, పాలసీలో నా ఫోన్ నంబరు, నా మెయిలే పెట్టు. యాక్సిడెంట్ అయితే ఆఫీసు వాళ్లు నన్నే అడుగుతారు కదా" అనండి. నిజాయితీగల ఏజెంటుకి దీంట్లో నష్టమేమీ లేదు. మోసం చేసేవాడు మాత్రం ఇక్కడే తడబడతాడు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

కాగితం చేతికొచ్చాక

ముందుగా, పాలసీ ఎప్పుడూ పీడీఎఫ్‌గానే వస్తుంది. ఫైలు పేరు చివర `.apk` అని ఉంటే అది పాలసీ కాదు, మీ ఫోన్‌ని పట్టుకుపోయే యాప్. నొక్కకండి. చలానా పేరుతో వచ్చేవి కూడా ఇలాంటివే.

పీడీఎఫ్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. కంపెనీ సొంత మెయిల్ నుంచి మీ మెయిల్‌కి వచ్చిన ఫైలుకి ఉన్న విలువ వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన దానికి ఉండదు. చాలా కంపెనీలు పీడీఎఫ్ మీద డిజిటల్ సంతకం పెడతాయి. కంప్యూటర్‌లో అడోబ్ రీడర్‌తో తెరిస్తే ఆ సంతకం స్థితి పైన ఒక పట్టీలో కనిపిస్తుంది. సంతకం తర్వాత ఎవరైనా అంకెలు మార్చి ఉంటే "The document has been altered or corrupted since the signature was applied" అనే అర్థంలో హెచ్చరిక వస్తుంది. అది వచ్చిందంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు. "validity unknown" అని మాత్రమే వస్తే కంగారు పడొద్దు. ఆ కంప్యూటర్‌కి ఆ సంతకాన్ని పోల్చుకోవడం రాలేదని మాత్రమే దానర్థం. సంతకమే లేకపోతే దాన్నిబట్టి ఏదీ తేల్చలేం, ఎందుకంటే ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేసినా, ఫోటో తీసినా సంతకం పోతుంది. ఫోన్‌లో చూసే యాప్‌లు చాలావరకు దీన్ని చూపించవు.

క్యూఆర్ కోడ్ విషయంలో చిన్న జాగ్రత్త. స్కాన్ చేస్తే "పాలసీ చెల్లుతుంది" అని పచ్చరంగులో వచ్చిందని ఊరుకోవద్దు. ఆ పేజీ ఏ సైటులో తెరుచుకుందో పైన అడ్రస్ చదవండి. నకిలీ కాగితం తయారు చేసినవాడు నకిలీ పేజీ కూడా తయారు చేసుకోగలడు.

వాహన్‌లో చూడటం, దానికున్న హద్దు

అందరికీ తెలిసిన పరీక్ష ఇదే. ప్రభుత్వ వాహనాల సైటు vahan.parivahan.gov.in లోకి వెళ్లి, మీ మొబైల్ నంబరుతో లాగిన్ అయి, "Know Your Vehicle Details" దగ్గర బండి నంబరు కొడితే బీమా గడువు ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. mParivahan యాప్‌లో కూడా ఇదే వివరం వస్తుంది. యాప్‌ని మాత్రం ప్లే స్టోర్ నుంచే దింపుకోండి, ఎవరో పంపిన లింకు నుంచి కాదు. ఎస్సెమ్మెస్ చేయాలంటే ఇలా టైపు చేసి 7738299899 కి పంపండి. చివర మీ బండి నంబరు ఉండాలి:

```
VAHAN AP39XX0000
```

2019 నుంచి మన రాష్ట్రంలో జిల్లాతో సంబంధం లేకుండా అన్నింటికీ ఏపీ 39 సిరీస్‌తో నంబర్లు ఇచ్చారు. అంతకుముందు కొన్న బండ్లకు తూర్పు గోదావరిలో ఏపీ 05, పశ్చిమ గోదావరిలో ఏపీ 37 ఉంటాయి. పాత నంబరైనా, కొత్త నంబరైనా ఆర్సీలో ఉన్నట్టే, ఖాళీలు లేకుండా కొట్టండి.

ఇక్కడ మూడు రకాల ఫలితాలు రావచ్చు. పాత గడువే కనిపిస్తే వెంటనే మోసమని అనుకోవద్దు. కంపెనీ నుంచి సమాచారం చేరడానికి కొంత ఆలస్యం అవుతుంది. నాలుగైదు రోజులాగి మళ్లీ చూడండి. అప్పటికీ మారకపోతే అనుమానించాలి. కంపెనీ పేరు వేరేది కనిపిస్తే మీ చేతిలో ఉన్న కాగితం గురించి వెంటనే కంపెనీని అడగాలి. మూడోది, పేరూ గడువూ రెండూ సరిపోవడం. చాలామంది ఇక్కడితో టెన్షన్ తీరిపోయిందని ఫోన్ జేబులో పెట్టేసుకుంటారు. అసలు మోసం ఇక్కడే దాక్కుని ఉంటుంది.

నంబరు నిజం, పాలసీ అబద్ధం

వేర్వేరు రాష్ట్రాల్లో పోలీసులు పట్టుకున్న కేసుల్లో ఈ పద్ధతి బయటపడింది. దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది ఊహించి చెబుతున్నదే, అంకెలు మాత్రం పైన చెప్పిన రేట్లవే.

ఆకివీడు దగ్గర సత్తిబాబు అనే ఆయనకు ఒక మినీ వ్యాన్ ఉందనుకోండి. చెరువుల దగ్గర రొయ్యల ట్రేలు ఎక్కించుకుని ఐసు వేసుకుని భీమవరం వైపు ప్రాసెసింగ్ ప్లాంట్లకు తోలుతుంటాడు. పాలసీ గడువు దగ్గరపడింది. పోయిన ఏడాది 16 వేల పైనే కట్టాడు. వాట్సాప్‌లో ఒకతను పరిచయమై "9,500కి చేసేస్తాను సార్, ఆఫర్ ఉంది" అన్నాడు. చేతిలో డబ్బు ఆడటం లేదు, సత్తిబాబు సరేనన్నాడు. ఆర్సీ ఫోటో పంపాడు, డబ్బు కొట్టాడు.

అవతలివాడు ఏం చేశాడంటే, ఆన్‌లైన్‌లో పాలసీలు అమ్మే ఒక సైటులోకి వెళ్లాడు. సత్తిబాబు వ్యాన్ నంబరే కొట్టాడు, ఆర్సీలోని ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు కూడా అలాగే నింపాడు. కానీ బండి రకం దగ్గర మాత్రం "టూ వీలర్" అని ఎంచుకున్నాడు. మోడల్ ఏదో ఒక 100 సీసీ బైకు. ఇప్పుడు ప్రీమియం 714, జీఎస్టీతో 843 రూపాయలు. అది నిజంగానే కట్టాడు. కంపెనీ నుంచి నిజమైన పాలసీ నంబరుతో నిజమైన పీడీఎఫ్ వచ్చింది. దాన్ని తెరిచి టూ వీలర్ ఉన్నచోట గూడ్స్ వెహికల్ అని, 714 ఉన్నచోట 16,049 అని దిద్ది, సత్తిబాబుకి పంపాడు. 9,500లో 843 పోగా 8,657 రూపాయలు జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు సత్తిబాబు వాహన్‌లో చూస్తే కంపెనీ పేరు, గడువు సరిగ్గా కనిపించే అవకాశం ఉంది. కంపెనీ సైటులో పాలసీ నంబరు కొడితే ఉన్నట్టే చెబుతుంది. ఇంజన్, ఛాసిస్ నంబర్లు కూడా కలుస్తాయి. అన్ని పరీక్షలూ పాసై కూడా పాలసీ వ్యాన్‌ది కాదు, బైకుది. రేపు దారిలో ఎవరినైనా గుద్దితే, కంపెనీ తన రికార్డు తీసి "మేం బైకుకి బీమా చేశాం, సరుకు బండికి కాదు" అంటుంది. పరిహారం కేసు ఏళ్ల తరబడి ట్రిబ్యునల్‌లో నడుస్తుంది, ఆ భారం యజమాని మెడకే చుట్టుకునే ప్రమాదం ఉంటుంది. ఇక పాలసీ మొత్తంగా కల్పితమైతే కంపెనీకి దానితో సంబంధమే ఉండదు. పరిహారం మొత్తం యజమానే కట్టుకోవాలి. పొలమో, ఇల్లో అమ్ముకోవాల్సి వచ్చేది ఇక్కడే.

ఈ మోసాన్ని పట్టించే పరీక్ష ఒకటే ఉంది. ఎవరో పంపిన కాగితం కాకుండా, కంపెనీ దగ్గరున్న కాపీని మీరే తెచ్చుకోవాలి.

కంపెనీ సొంత సైటులో "Download Policy" లాంటి చోటు ఉంటుంది. సైటు అడ్రస్ గూగుల్‌లో పైన ప్రకటనగా కనిపించినదాన్ని నొక్కి వెళ్లకండి. irdai.gov.in లోని కంపెనీల జాబితా నుంచి వెళ్లండి. పాలసీ నంబరు కొడితే రిజిస్టరైన మొబైల్‌కి ఓటీపీ పంపుతున్నాం అంటుంది. సత్తిబాబు ఫోన్‌కి ఓటీపీ రాదు. ఎందుకంటే పాలసీ తీసుకునేటప్పుడు అవతలివాడు తన నంబరే పెట్టాడు, లేకపోతే కంపెనీ పంపే అసలు పీడీఎఫ్ సత్తిబాబు చేతిలోనే పడిపోయేది కదా. బావతో "నా నంబరే పెట్టు" అనమన్నది ఇందుకే. కొన్నిసార్లు నిజమైన ఏజెంట్లు కూడా తమ నంబరు పెట్టేస్తుంటారు, అది చెడ్డ అలవాటు. కాబట్టి ఓటీపీ రాకపోవడమే మోసానికి రుజువు కాదు. కానీ రాకపోతే అక్కడితో వదిలేయకూడదు.

అప్పుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. ఆ నంబరు కూడా కంపెనీ సైటు నుంచో, గతంలో మీకు మెయిల్‌లో వచ్చిన పాత పాలసీ నుంచో తీసుకోండి. చేతిలో ఉన్న కొత్త కాగితం మీది మాత్రం వద్దు, దాని మీద మోసగాడి నంబరే ఉండొచ్చు. బండి నంబరు, పాలసీ నంబరు చెప్పి నాలుగు విషయాలు అడగండి: బండి రకం ఏమని ఉంది, మోడల్ ఏమిటి, థర్డ్ పార్టీ ప్రీమియం ఎంత కట్టించుకున్నారు, రిజిస్టరైన మొబైల్ నంబరు చివరి అంకెలు ఏమిటి. మీ నంబరు రికార్డులో లేదు కాబట్టి ఫోన్‌లో చెప్పలేం అనే అవకాశం ఉంది. అప్పుడు ఆర్సీ, ఆధార్ పట్టుకుని బ్రాంచికి వెళ్లండి. న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు ప్రభుత్వ రంగ కంపెనీలకు రాజమండ్రి, కాకినాడ లాంటి పట్టణాల్లో ఆఫీసులున్నాయి. ఆన్‌లైన్‌లోనే నడిచే కంపెనీకి మన దగ్గర ఆఫీసు ఉండదు. ఆర్సీ స్కాన్ జోడించి వాళ్ల కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి, జవాబు రాతపూర్వకంగా ఉంటుంది కాబట్టి అది ఇంకా మంచిది.

కంపెనీ కాపీ చేతికొస్తే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, అడ్రస్ దగ్గర ఆగిపోవద్దు, అవి ఎప్పుడూ కలుస్తాయి. బండి రకం, సీసీ లేదా మొత్తం బరువు, ప్రీమియం పట్టికలో థర్డ్ పార్టీ అంకె, ఈ మూడూ చూడండి. వ్యాన్ పాలసీలో 714 కనిపించిందా, దొరికిపోయాడు.

మీ కంపెనీ డిజిలాకర్‌కి పాలసీలు ఇస్తుంటే పని ఇంకా తేలిక. అందులో "Issued Documents" కింద మీరు తెప్పించుకున్న పాలసీ నేరుగా కంపెనీ నుంచి వస్తుంది. ఎవరో పంపిన పీడీఎఫ్‌ని మీరే పైకి ఎక్కించుకుంటే మాత్రం దానికి ఆ విలువ ఉండదు.

మూడు వారాలాగి మళ్లీ చూడండి

ఇంకో రకం ఉంది. పాలసీ నిజంగానే తీస్తారు, మీకు చూపిస్తారు, అన్నీ కలుస్తాయి. తర్వాత దాన్ని రద్దు చేయించి డబ్బు వెనక్కి తెచ్చుకుంటారు, లేదా కట్టిన చెక్కు బౌన్సవుతుంది. కంపెనీ రద్దు నోటీసు మెయిల్ చేస్తుంది, ఆ మెయిల్ ఎవరి పేరున ఉందో మీకిప్పుడు తెలుసు. కాబట్టి తీసుకున్న రోజున చూసి ఊరుకోకుండా, రెండు మూడు వారాలయ్యాక కంపెనీ సైటులో పాలసీ ఇంకా అమల్లో ఉందో లేదో మరోసారి చూసుకోండి.

"నిన్న యాక్సిడెంట్ అయింది, మొన్నటి తేదీతో పాలసీ తీసిపెడతాను" అనేవాడిని మాత్రం దగ్గరికి రానివ్వకండి. ప్రీమియం ముట్టకముందు జరిగినదానికి ఏ కంపెనీ బాధ్యత వహించదు. అలాంటి కాగితం కోర్టులో చూపిస్తే కేసు మీ మీదే అవుతుంది.

నకిలీ అని తేలితే

మొదటి పని ఫిర్యాదు కాదు, కొత్త పాలసీ. ఆ రోజే కంపెనీ సైటులో మీరే నేరుగా తీసుకోండి, అది మొదలయ్యే సమయం వచ్చేదాకా బండి ఇంటి దగ్గరే ఉంచండి. పాత నకిలీ కాగితం తెలిసి తెలిసి పోలీసుకి చూపించడం నేరం. బీమా లేదని దొరికితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 రూపాయల జరిమానా ఉంటుంది, మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. నకిలీ పత్రం వాడిన కేసు దానికన్నా చాలా బరువైనది.

డబ్బు పంపి కొన్ని గంటలే అయితే, కొత్త పాలసీ తీసుకుంటూనే ఇంట్లో ఇంకొకరితో సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలోంచి బయటకు వెళ్లకముందే ఆపించే అవకాశం ఉంటుంది. రోజులు గడిచాక ఆ ఆశ తక్కువ. ఆన్‌లైన్‌లో cybercrime.gov.in లో కూడా నమోదు చేయొచ్చు. యూపీఐ లావాదేవీ నంబరు, ఎవరి పేరుకి వెళ్లిందో ఆ స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణ, ఆ పీడీఎఫ్ ఫైలు, అన్నీ అలాగే ఉంచండి. కోపంతో నంబరు బ్లాక్ చేసినా ఫర్వాలేదు గానీ చాట్ చెరిపేయొద్దు.

తర్వాత ఏ కంపెనీ పేరు వాడుకున్నారో ఆ కంపెనీకి మెయిల్ పెట్టండి. "ఈ నంబరు పాలసీ మీరు ఇచ్చిందేనా, ఇస్తే ఏ బండికి, ఎంత ప్రీమియంతో ఇచ్చారు" అని అడిగి రాతలో జవాబు తెప్పించుకోండి. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదుకి ఆ జవాబే అసలు ఆధారం అవుతుంది, అది లేకుండా వెళితే "ముందు నకిలీ అని తేలాలి కదా" అని తిప్పి పంపే ప్రమాదం ఉంది. లైసెన్సున్న ఏజెంటో, బ్రోకరో చేసిన మోసమైతే, లేదా కంపెనీ జవాబివ్వకపోతే bimabharosa.irdai.gov.in లోనో, 155255 కి ఫోన్ చేసో ఐఆర్‌డీఏఐకి చెప్పండి. అసలు లైసెన్సే లేనివాడు చేసిన మోసంలో వాళ్లు మీ డబ్బు తిరిగి ఇప్పించలేరు, అది పోలీసుల పనే.

సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నవాళ్లకు కూడా ఇవే పరీక్షలు. బండితో పాటు ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలుంది అని అమ్మేవాడు ధర పెంచితే, ఆ ఎనిమిది నెలలు నిజమో కాదో అడ్వాన్సు ఇవ్వకముందే అమ్మేవాడి ఫోన్‌కి ఓటీపీ తెప్పించి, కంపెనీ కాపీ మీ ఎదుటే దింపించుకోండి. కొన్నాక 14 రోజుల్లోపు పాలసీని మీ పేరు మీదకు మార్చమని కంపెనీకి దరఖాస్తు చేసుకోండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది ఆయన వెంటే వెళుతుంది. ఆ తేడా ప్రీమియం కొంత కట్టాల్సి రావచ్చు.